పెట్టుబడి వార్త చూసి ఉద్యోగం మారొచ్చా?

*నా వయసు 34. తొమ్మిదేళ్లుగా ఒకే పెద్ద కంపెనీలో పనిచేస్తున్నాను. ఒక స్టార్టప్ ఇప్పటి జీతం మీద 40 శాతం ఎక్కువిస్తానంటోంది. 14 నెలల కింద వాళ్లకు 60 కోట్ల పెట్టుబడి వచ్చినట్టు వార్తల్లో చదివాను. ఆరు నెలల కింద కొంతమందిని తీసేశారని కూడా తెలిసింది. మా ఆవిడ వద్దంటే వద్దంటోంది. తన చిన్నప్పుడు వాళ్ల నాన్నగారి కంపెనీ మూతపడి ఇల్లు గడవడమే కష్టమైందట. రోజూ ఇదే గొడవ. తనది ఉత్త భయమా, నాది తొందరపాటా?*

తీర్పు చెప్పే ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. మీరిద్దరూ ఇన్నాళ్లూ వాదించుకున్నారే తప్ప, ఈ లెక్క వేసినట్టు లేరు.

పెట్టుబడి వార్తలో అందరికీ కనిపించేది 60 కోట్లు. నాకు కనిపించేది 14 నెలలు. ఆ డబ్బు ఇప్పుడు ఎంత మిగిలి ఉంటుంది? కంపెనీ పేజీలోనో లింక్డ్‌ఇన్‌లోనో ఎంతమంది పనిచేస్తున్నారో చూడండి. 200 మంది అనుకుందాం. జీతాలు, ఆఫీసు, సర్వర్లు, ప్రకటనలు అన్నీ కలిపి మనిషికి నెలకు లక్షన్నర వేసుకుంటే ఖర్చు మూడు కోట్లు. కస్టమర్ల నుంచి నెలకు 50 లక్షలు వస్తున్నాయనుకుంటే, చేతి నుంచి పోయేది రెండున్నర కోట్లు. 14 నెలల్లో 35 కోట్లు అయిపోయాయి, 25 కోట్లు మిగిలాయి. అంటే ఇంకో పది నెలలు. కొత్త పెట్టుబడి తెచ్చుకోవడానికి ఆరు నెలలు పట్టడం మామూలే కాబట్టి, వాళ్లు ఈపాటికే ఇన్వెస్టర్ల చుట్టూ తిరుగుతూ ఉండాలి.

అదే రాబడి నెలకు కోటిన్నర ఉంటే? అప్పుడు పోయేది నెలకు కోటిన్నరే, మిగిలింది 39 కోట్లు. రెండేళ్లకు పైగా ఢోకా లేదు. చూశారా, పెట్టుబడి అంకె మారలేదు, కథ మొత్తం మారిపోయింది. అందుకే ఎంత తెచ్చారన్నదానికన్నా, ఎంత సంపాదిస్తున్నారన్నది ముందు అడగాలి. ఈ అంకెలు నా ఊహలే. పాత నిల్వ కొంత ఉండొచ్చు, మనుషుల్ని తీసేశాక ఖర్చు తగ్గి ఉండొచ్చు. అయినా ఏ ప్రశ్న అడగాలో తెలియడానికి ఈ మాత్రం లెక్క చాలు.

అమెరికాలో ఫాస్ట్ అనే చెల్లింపుల కంపెనీకి 2021 జనవరిలో 10.2 కోట్ల డాలర్లు వచ్చాయి. పెట్టుబడి పెట్టినవాళ్లలో ముందున్నది స్ట్రైప్. అంత పేరున్న సంస్థ వెనకుందంటే ఎవరికైనా ధీమాగానే ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో ఆ కంపెనీ మూతపడింది. 2021 మొత్తానికి దాని రాబడి ఆరు లక్షల డాలర్ల దగ్గరే ఉందని అప్పట్లో వార్తలొచ్చాయి. వార్త వచ్చిన వారంలో చేరినవాళ్లకైనా ఏడాదింబావు దాటి ఉద్యోగం మిగల్లేదు.

వార్తలోనే ఇంకో మెలిక కూడా ఉంటుంది. ప్రకటించిన సొమ్మంతా కంపెనీ ఖాతాలో పడాలనేం లేదు. కొంత పాత వాటాదారులు తమ షేర్లు అమ్ముకున్నది కావచ్చు, కొంత అప్పు కావచ్చు, కొంత టార్గెట్లు చేరితేనే విడతలుగా వచ్చేది కావచ్చు. చాలా దేశాల్లో ప్రైవేటు కంపెనీలు కూడా ఏటా లెక్కలు ప్రభుత్వ రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి, కొద్దిపాటి ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చు. అవి ఏడాది పాతవై ఉన్నా, వార్తకన్నా నమ్మదగ్గవి.

ఇక ఆరు నెలల కింద మనుషుల్ని తీసేయడం. ఒక్కసారి తీసేశారని నేను బెదరను. ఖర్చు తగ్గించుకుని నిలదొక్కుకున్న కంపెనీలు ఎన్నో ఉన్నాయి. ఏడాదిలోపే రెండోసారి తీసేస్తే మాత్రం మొదటి లెక్క తప్పిందని అర్థం. ఎవర్ని తీసేశారన్నది ఇంకా ముఖ్యం. కొత్తవాళ్లను చేర్చుకునే విభాగాన్ని తగ్గిస్తే అది జాగ్రత్త. అమ్మకాలవాళ్లను, అసలు ప్రోడక్ట్ తయారుచేసేవాళ్లను తీసేస్తే రాబడే రావట్లేదన్న అనుమానం వస్తుంది. layoffs.fyi లాంటి సైట్లలో 2020 నుంచి ఏ కంపెనీ ఎప్పుడు ఎంతమందిని తీసేసిందో ఉంటుంది కానీ, చిన్న కంపెనీల సంగతి అక్కడికి చేరకపోవచ్చు. పేరు కనబడలేదని నిశ్చింతగా ఉండకండి.

మానేసినవాళ్లు చెప్పేదే అన్నిటికన్నా గట్టి సమాచారం. మీరు చేరబోయే విభాగంలో గత రెండేళ్లలో పనిచేసి వెళ్లిపోయినవాళ్ల ప్రొఫైళ్లు తెరిచి, ఎన్ని నెలలు ఉన్నారో చూడండి. ఎక్కువమంది ఏడాది తిరక్కుండానే కదిలారా? మీ కుర్చీలో మీకన్నా ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుని వెళ్లారా? ఫైనాన్స్ హెడ్ ఏడాదిలో రెండుసార్లు మారితే నేనైతే అక్కడే ఆగిపోతాను. డబ్బు సంగతి అందరికన్నా ముందు తెలిసేది ఆయనకే కదా!

అలా వెళ్లిపోయినవాళ్లలో ఇద్దరికి మర్యాదగా మెసేజ్ పెట్టండి. "కంపెనీ ఎలా ఉంటుందండీ?" అంటే ఎవరైనా "బానే ఉంటుంది" అనేస్తారు. "జీతం ఎప్పుడైనా ఆలస్యమైందా? వెళ్లేటప్పుడు రావాల్సిందంతా ఎన్నాళ్లకు ఇచ్చారు? తీసేసినవాళ్లకు ఎన్ని నెలల జీతం ఇచ్చారు?" అని అడగండి. కోపంతో వెళ్లినవాళ్లు మేనేజర్ గురించి కొంత ఎక్కువ చేసి చెబుతారు, అది సహజం. ఫలానా నెల జీతం ఇన్ని రోజులు ఆలస్యమైందని విడివిడిగా ఇద్దరు చెబితే మాత్రం తీసిపారేయకండి.

ఇవన్నీ తెలుసుకున్నాక కంపెనీవాళ్లనే అడగండి. "ఇప్పుడున్న ఖర్చు ప్రకారం చేతిలో ఎన్ని నెలలకు డబ్బుంది? ఈ పోస్టు కొత్తదా, ఎవరైనా వెళ్లిపోతే ఖాళీ అయిందా?" ఇది అమర్యాద కాదు. నిలకడగా ఉన్న కంపెనీ "పద్దెనిమిది నెలలకుంది, వచ్చే ఏడాది మళ్లీ పెట్టుబడి తెస్తాం" అన్నట్టుగా సూటిగా చెబుతుంది. "ఇన్వెస్టర్లకు మా మీద పూర్తి నమ్మకం" అంటే అది జవాబు దాటేయడమే.

మీ ఆవిడ విషయానికొస్తే, తనది ఉత్త భయం కాదు. తను చూసినదాంట్లోంచి వచ్చిన ప్రశ్న అది. "నువ్వు ఊరికే టెన్షన్ పడుతున్నావు" అంటే గొడవ పెరుగుతుందే గానీ తగ్గదు. పైన చెప్పిన లెక్క కాగితం మీద వేసి తన ముందు పెట్టండి. దాని కిందే మీ ఇంటి లెక్క కూడా వేయండి: వాయిదాలు, పిల్లలుంటే ఫీజులు, ఇంటి ఖర్చు పోను, మీ జీతం ఆగిపోతే దాచిన డబ్బుతో ఎన్ని నెలలు నెట్టుకురాగలరు? కంపెనీ దగ్గర పది నెలలకే ఉండి, మీ ఇంట్లో రెండు నెలలకే ఉంటే తన మాట వినాల్సిందే. ఇంట్లో ఏడెనిమిది నెలలకు సరిపడా ఉంటే, ఎంతవరకు సాహసించొచ్చో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. మానేసినవాళ్లతో మాట్లాడేటప్పుడు తననూ పక్కన కూర్చోబెట్టుకోండి. మీకు తోచని ప్రశ్న తనకు తట్టొచ్చు.

చేరాలనే అనుకుంటే, ఆఫర్ లెటర్ చేతికి రాకుండా రాజీనామా ఇవ్వకండి. కంపెనీయే మిమ్మల్ని తీసేస్తే ఎన్ని నెలల జీతం ఇస్తుందో అందులో రాయించుకోండి. జాయినింగ్ బోనస్ ఇస్తుంటే, వాళ్లే తీసేసినా తిరిగి కట్టాలా అన్న షరతు కూడా చదవండి. ఎన్ని నెలలకు డబ్బుందన్న ప్రశ్నకు రెండుసార్లు అడిగినా జవాబు రాకపోతే ఈ ఆఫర్ వదిలేయమనే చెబుతాను. 40 శాతం కాదు, 60 శాతం పెంచుతామన్నా సరే.