బిల్లులో రెండు డిస్కౌంట్లు ఉంటే ఏది ఎక్కడ రాయాలి?

ప్రశ్న: మాది ఖమ్మంలో చిన్న ఎలక్ట్రికల్ షాపు. డిస్ట్రిబ్యూటర్లు బిల్లు ఫొటోలు వాట్సాప్‌లో పెడతారు, వాటిని చూసి నేనే టాలీలో ఎక్కిస్తాను. ఒక బిల్లులో డిస్కౌంట్ 20 శాతం అని, కింద మళ్లీ సీడీ 2 శాతం అని ఉంది. ఇంకో బిల్లులో డిస్కౌంట్, సీడీ రెండూ పక్కపక్క కాలమ్‌లలో ఉన్నాయి. నేను అన్నీ కలిపి డిస్కౌంట్ రిసీవ్డ్‌లోనే వేస్తున్నాను. అలా కాదని ఆడిటర్ గారు అన్నారు కానీ వివరంగా చెప్పలేదు. రెండు ఫొటోలూ పంపుతున్నాను. ఎలా రాయాలండీ?

జవాబు: ఆడిటర్ గారు చెప్పిందే కరెక్టండీ. మీ రెండు బిల్లుల్లో కలిపి నాలుగు చోట్ల డిస్కౌంట్ కనిపిస్తోంది. వాటిలో డిస్కౌంట్ రిసీవ్డ్‌లోకి వెళ్లాల్సింది ఒక్కటే. అది కూడా మీరు గడువులోపు డబ్బు కడితేనే.

బిల్లు ఫొటో తెరవగానే డిస్కౌంట్ అనే మాట కోసం వెతక్కండి. ముందు Taxable Value అనే అంకె ఎక్కడుందో చూడండి. జీఎస్టీ లెక్క మొదలయ్యేది అక్కడే. ఆ అంకె రాకముందే తగ్గిపోయిన డిస్కౌంట్ ఏదైనా సరే, దాని పేరేదైనా సరే, సరుకు ధరలోనే కలిసిపోయినట్టు. మీ ఖాతాల్లో దానికి విడిగా చోటు లేదు. టాక్సు వేసి, మొత్తం కూడిన తర్వాత, ఇన్ని రోజుల్లో కడితే ఇంత తగ్గిస్తాం అని రాసి ఉంటే అది త్వరగా కట్టినందుకు ఇచ్చే క్యాష్ డిస్కౌంటు, అంటే సీడీ. బిల్లు వచ్చిన రోజున అది ఇంకా మీకు రాలేదు, మాట మాత్రమే ఇచ్చారు.

మీ మొదటి బిల్లు చూద్దాం. 20 సీలింగ్ ఫ్యాన్లు, ఒక్కోటి 2,000 చొప్పున 40,000. 20 శాతం డిస్కౌంట్ 8,000 పోగా టాక్సబుల్ వాల్యూ 32,000. దాని మీద 9 శాతం సీజీఎస్టీ 2,880, ఎస్జీఎస్టీ ఇంకో 2,880. మొత్తం 37,760. ఆ కింద చిన్న అక్షరాల్లో, బిల్లు తేదీ నుంచి 10 రోజుల్లో కడితే బేసిక్ మీద 2 శాతం సీడీ, లేకపోతే 30 రోజుల్లో పూర్తి మొత్తం అని ఉంది.

ఇందులో 8,000 ట్రేడ్ డిస్కౌంట్. డీలరు కాబట్టి మీకు తగ్గించిన ధర అది. రేపు కట్టినా నెల తర్వాత కట్టినా అది మారదు. అందుకే దాన్ని ఎంట్రీలోకే తీసుకురాకూడదు. ఫ్యాన్లు మీకు పడింది 32,000కే. పర్చేజ్ 32,000 డెబిట్, ఇన్‌పుట్ సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ చెరి 2,880 డెబిట్, డిస్ట్రిబ్యూటరు ఖాతాకు 37,760 క్రెడిట్. అంతే. ఐటమ్ వారీగా 20 శాతం కనబడాలనుకుంటే టాలీలో Use Discount column in invoices ఆన్ చేసుకోండి. రేటు 2,000, డిస్కౌంట్ 20 కొడితే స్టాకులోకి ఒక్కో ఫ్యాను 1,600కే ఎక్కుతుంది.

మీరు ఇప్పటిదాకా చేసినట్టు పర్చేజ్ 40,000 అని, 8,000 ఆదాయం అని వేస్తే ఫ్యాన్లన్నీ అమ్ముడయ్యాక లాభం ఎటూ ఒకటే వస్తుంది. తేడా కనబడేది మార్చి 31న. ఆ రోజుకి 10 ఫ్యాన్లు మిగిలాయనుకోండి, మీ లెక్కలో స్టాకు 20,000. నిజానికి 16,000. అమ్మని ఫ్యాన్ల మీద 4,000 లాభం ఈ ఏడాదే చూపించి, దానికి ఆదాయపు పన్ను కూడా ముందే కడతారన్నమాట. పైగా జీఎస్టీ పోర్టల్‌లో GSTR-2B తెరిస్తే ఈ బిల్లుకి 32,000 ఉంటుంది, మీ పుస్తకంలో 40,000. ఆడిటర్ గారికి అనుమానం వచ్చింది బహుశా అక్కడే. ఫొటో మసగ్గా ఉండి టాక్సబుల్ వాల్యూ ఎంతో తెలియకపోతే కూడా 2Bలో చూసి సరిచూసుకోవచ్చు.

ఇక 2 శాతం సంగతి. 32,000 మీద 640. బిల్లు ఎక్కించే రోజున దీన్ని ముట్టుకోకండి. తొమ్మిదో రోజున మీరు 37,120 బ్యాంకు నుంచి పంపారనుకుందాం. అప్పుడు డిస్ట్రిబ్యూటరు ఖాతా 37,760 డెబిట్, బ్యాంకు 37,120 క్రెడిట్, డిస్కౌంట్ రిసీవ్డ్ 640 క్రెడిట్. టాలీలో పేమెంట్ వోచరు 37,120కి వేసి, 640కి విడిగా జర్నల్ వేయడం సులువు. రెండింటిలోనూ Agst Ref పెట్టి ఇదే బిల్లు నంబరు ఎంచుకోండి. లేకపోతే ఆ బిల్లు మీద 640 బాకీ ఉన్నట్టు ఏడాది పొడుగునా కనబడుతూనే ఉంటుంది. డిస్కౌంట్ రిసీవ్డ్ లెడ్జరు Indirect Incomes కింద ఉండాలి.

కొందరు ఎలాగూ త్వరగా కడతాం కదా అని ఆ 640ని ముందే తీసేసి పర్చేజ్ 31,360 అని రాసేస్తారు. దాంతో 18 శాతం ఇన్‌పుట్ టాక్సు 5,644.80కి పడిపోతుంది. హక్కుగా వచ్చే 5,760లో 115.20 చేజేతులా వదులుకున్నట్టు. పదకొండో రోజున కడితే అసలు లెక్కే తప్పు.

ఈ 640కి జీఎస్టీ ఏమవుతుందన్నది డిస్ట్రిబ్యూటరు ఏ కాగితం ఇస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. చాలామంది టాక్సు జోలికి పోకుండా 640కి మాత్రమే కమర్షియల్ క్రెడిట్ నోట్ ఇస్తారు, లేదా తక్కువ తీసుకుని ఊరుకుంటారు. అలాంటప్పుడు ఆయన కట్టిన టాక్సు ఆయన తగ్గించుకోలేదు కాబట్టి మీ ఇన్‌పుట్ టాక్సూ తగ్గించక్కర్లేదు. 2025 సెప్టెంబరులో వచ్చిన 251 నంబరు జీఎస్టీ సర్క్యులర్ ఈ విషయం స్పష్టంగా చెప్పింది. అలా కాకుండా జీఎస్టీతో కలిపి క్రెడిట్ నోట్ ఇస్తే 640కి 115.20 చేర్చి 755.20కి ఇస్తారు. అందులో 115.20 మీ ఇన్‌పుట్ టాక్సులోంచి వెనక్కి తీయాలి, మీ ఆదాయం 640 మాత్రమే.

ఇక్కడ ఒక తికమక ఉంది. ఇంకో డిస్ట్రిబ్యూటరు 2 శాతాన్ని బేసిక్ మీద కాకుండా బిల్లు మొత్తం 37,760 మీద ఇచ్చారనుకోండి, అదీ 755.20యే అవుతుంది. టాక్సు లేని నోటైతే మొత్తం 755.20 మీ ఆదాయం. అంకె చూసి తేల్చుకోలేం. నోటులో సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ గళ్లు నిండి ఉన్నాయా లేదా చూడండి.

రెండో బిల్లుతోనే అసలు ఇబ్బంది, మన దగ్గర ఎక్కువమంది పొరపాటు పడేదీ దీని దగ్గరే. 100 మాడ్యులర్ స్విచ్‌లు 150 చొప్పున 15,000. డిస్కౌంట్ కాలమ్‌లో 10 శాతం, అంటే 1,500. మిగిలిన 13,500 మీద సీడీ కాలమ్‌లో 3 శాతం, 405. టాక్సబుల్ వాల్యూ 13,095. టాక్సు 2,357.10 కలిపి రౌండాఫ్ తర్వాత 15,452. ఇక్కడ సీడీ అని పేరుంది కానీ ఆ 405 టాక్సబుల్ వాల్యూ రాకముందే తగ్గిపోయింది. డిస్ట్రిబ్యూటరు మీరు టైముకి కడతారన్న నమ్మకంతో బిల్లులోనే ఇచ్చేశారు. బిల్లులోనే చూపించి తగ్గించిన డిస్కౌంట్ మీద జీఎస్టీ పడదు, అందుకే ఆయన 13,095 మీదే టాక్సు వేశారు. మీరూ పర్చేజ్ 13,095 అనే రాయాలి. డిస్కౌంట్ రిసీవ్డ్‌లో ఒక్క రూపాయి కూడా వేయకండి. 15,452 కట్టేటప్పుడు మళ్లీ 3 శాతం కోసుకుని పంపితే మాత్రం ఆయన నుంచి ఫోన్ ఖాయం.

మరి లేటైతే? అప్పుడు ఆ 405 వెనక్కి అడుగుతూ డెబిట్ నోట్ వస్తుంది. జీఎస్టీతో కలిపి వస్తే 72.90 చేరి 477.90. దాన్ని వడ్డీ ఖాతాలో వేయకుండా పర్చేజ్ 405, ఇన్‌పుట్ టాక్సు 72.90 అని ఎక్కించండి. సరుకు ధర పెరిగిందన్నమాట.

ఫొటోలతో ఇంకో చిక్కు కూడా ఉంది. మీరు పంపిన రెండో ఫొటోలో కింది భాగం తెగిపోయింది. ఎన్ని రోజుల గడువు అన్నది ఉండేది సరిగ్గా అక్కడే. బిల్లు మొత్తం పడేలా ఫొటో లేదా పీడీఎఫ్ మళ్లీ పంపమని అడగండి. మొదటి ఫొటోలో పెన్నుతో “లెస్ 2%” అని రాసి, కింద సున్నా చుట్టి 37,120 వేశారు. అది సేల్స్‌మన్ రాసింది అయ్యుంటుంది. బిల్లు విలువ అచ్చులో ఉన్న 37,760 మాత్రమే. బిల్లు మీద ఈ-ఇన్‌వాయిస్ క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేయండి. డిస్కౌంట్ వివరాలు అందులో ఉండవు కానీ బిల్లు మొత్తం విలువ ఉంటుంది. 37,760 అని వస్తే పెన్ను రాతను పక్కన పెట్టేయొచ్చు.

మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. ఆ 640 వదులుకోకండి. పదో రోజున కడితే 37,120, ముప్పయ్యో రోజున కడితే 37,760. అంటే 20 రోజుల వాయిదా కోసం 640 ఇస్తున్నారు. ఏడాదికి లెక్కేస్తే 31 శాతం పైనే వడ్డీ. బ్యాంకు ఓడీ 12 శాతానికి తీసుకుని కట్టినా ఆ 20 రోజులకి అయ్యే వడ్డీ సుమారు 244. దాదాపు 400 మీకు మిగులుతుంది. పది రోజులు బిల్లు తేదీ నుంచని మొదటి డిస్ట్రిబ్యూటరు రాశారు కాబట్టి ఇబ్బంది లేదు. రెండో ఆయన్ని మాత్రం బిల్లు తేదీ నుంచా, సరుకు షాపుకి చేరిన రోజు నుంచా అని వాట్సాప్‌లోనే అడిగి, జవాబు దాచుకోండి. ట్రాన్స్‌పోర్టులో నాలుగు రోజులు పోతే ఆ తేడా తెలుస్తుంది.

ఈ ఏడాది ఇప్పటికే ఎక్కించిన బిల్లులు సరిచేయడానికి డిస్కౌంట్ రిసీవ్డ్ లెడ్జరు తెరిచి, ఒక్కో ఎంట్రీ పక్కన పేమెంట్ ఉందా లేదా చూడండి. బిల్లు తేదీనే పడ్డవన్నీ దాదాపుగా ట్రేడ్ డిస్కౌంట్లే. ఆ పర్చేజ్ వోచర్లనే తెరిచి రేటు సరిచేస్తే స్టాకు విలువ కూడా దానంతటదే సర్దుకుంటుంది. జర్నల్ వేసి సరిపెడితే పర్చేజ్ తగ్గుతుంది కానీ స్టాకులో పాత రేటే ఉండిపోతుంది. రిటర్ను వేసేసిన పాత సంవత్సరాల జోలికి మాత్రం ఆడిటర్ గారిని అడగకుండా వెళ్లకండి.