బతిమాలొద్దు, బెదిరించొద్దు

విజయనగరం,
ఆదివారం

అమ్మా రమ్యా,

ఐఈఎల్‌టీఎస్ పరీక్ష ప్రాక్టీసుకని నువ్వు రాసి వాట్సాప్‌లో పంపిన ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చిరాకేసింది. రెండోసారి నీ రెండో పేరాలో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. దాని సంగతి తర్వాత చెబుతాను. చేతిరాత బాగుంది, స్పెల్లింగులు దాదాపు తప్పుల్లేవు. మెచ్చుకోలు ఇంతటితో సరి.

చిరాకు ఎందుకంటే, ప్రశ్న ఒకటైతే నువ్వు రాసింది ఇంకొకటి. ఆన్‌లైన్‌లో డైనింగ్ టేబుల్ కొన్నావు, అది విరిగి వచ్చింది, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినా పని కాలేదు, ఇప్పుడు కంపెనీ మేనేజర్‌కి ఉత్తరం రాయాలి. ఇదీ ప్రశ్న. కింద మూడు అంశాలు ఇచ్చారు. ఏం కొన్నావో, ఎప్పుడు కొన్నావో చెప్పాలి. ఏం పాడైందో, ఫోన్‌లో ఏమన్నారో వివరించాలి. కంపెనీ ఏం చెయ్యాలో అడగాలి. నువ్వేమో ‘రెస్పెక్టెడ్ సర్, విత్ డ్యూ రెస్పెక్ట్ అండ్ హంబుల్ సబ్మిషన్ ఐ బెగ్ టు స్టేట్’ అని మొదలుపెట్టావు. ఆ తర్వాత మీది రాజాం అనీ, మీ నాన్నగారిది చిన్న జీతమనీ, ఎంతో ఆశపడి కొనుక్కున్నారనీ నాలుగు వాక్యాలు నడిచాయి. టేబుల్ విరిగిందన్న మాట ఆరో వాక్యంలో గానీ రాలేదు. ఇక చివరికొచ్చేసరికి ‘యూ పీపుల్ ఆర్ చీటర్స్’ అన్నావు, కన్స్యూమర్ కోర్టుకి ఈడుస్తానన్నావు, సోషల్ మీడియాలో పరువు తీస్తానన్నావు. మొదటి పేరాలో కాళ్లు పట్టుకున్న మనిషి ఆఖరి పేరాలో కాలర్ పట్టుకుంది.

కెనడా పీఆర్‌కి ఆ దేశపు భాషా కొలమానం సీఎల్‌బీలో 9 కావాలన్నావు కదా. అంటే ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్ రైటింగ్‌లో 7 రావాలి. ఆ పరీక్ష దిద్దేవాళ్లు ఏం చూస్తారో బయటికే చెప్పేశారు, అదేం రహస్యం కాదు. 7 రావాలంటే ఉత్తరం ఎందుకు రాశావో స్పష్టంగా తెలియాలి, స్వరం మొదటి నుంచి చివరి దాకా ఒకేలా, సందర్భానికి తగ్గట్టు ఉండాలి. స్వరం అక్కడక్కడ కాస్త తప్పితే 6 దగ్గర ఆగిపోతుంది. ఇష్టం వచ్చినట్టు మారి, కొన్నిచోట్ల తగని మాటలు కూడా పడితే 5కి జారుతుంది. నీ గ్రామర్ మరీ అంత చెడ్డది కాదు. నిన్ను కిందికి లాగుతున్నది ఈ స్వరమే.

ఈ బతిమాలడం మనకి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. కథలు రాసి బతకలేక నేను చాలా ఏళ్లు కలెక్టరాఫీసు బయట టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టాను. పేజీకి ఇంత అని తీసుకునేవాణ్ని. సోమవారం గ్రీవెన్స్ అంటే పొద్దున్నే జనం. వాళ్లకి అర్జీ బరువుగా ఉండాలి. ‘మహారాజశ్రీ’, ‘తమరి పాదపద్మములకు’ లేకపోతే ఇచ్చిన డబ్బుకి న్యాయం జరగలేదని మొహం ముడుచుకునేవారు. ఒకసారి గజపతినగరం వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. తాతల నాటి నుంచి మొదలుపెట్టి అరగంట చెప్పాడు. అంతా విని, ‘ఇంతకీ వాళ్లు ఏం చెయ్యాలి బాబూ?’ అన్నాను. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘మా పొలంలో కరెంటు స్తంభం ఒరిగిపోయింది, దాన్ని సరిగ్గా నిలబెట్టాలి’ అన్నాడు. ఆ ఒక్క మాటే మొదటి లైన్లో కొట్టాను. ‘అయ్యగారికి దండం అయినా పెట్టలేదేటి’ అని గొణుక్కుంటూ డబ్బులిచ్చాడు.

ఆఫీసరు ముందు దండం పెట్టే అలవాటు ఎంత పాతదైనా, ఈ పరీక్షలో నువ్వు ఎవరి దయ మీదా ఆధారపడిన మనిషివి కావు. డబ్బు కట్టావు, చెడిపోయిన వస్తువు వచ్చింది. నీకు రావలసింది నువ్వు అడుగుతున్నావు. ఈ సంగతి మనసులో నిలబడని వాళ్లే ముందు బతిమాలతారు, బతిమాలితే పని కాదేమోనని భయమేసి వెంటనే బెదిరిస్తారు. నీ మొదటి పేరాకీ ఆఖరి పేరాకీ జబ్బు ఒకటే. ఏం రావాలో తెలిసిన మనిషి గొంతు పెంచదు, తగ్గించదు.

సరే, నీ ఉత్తరమే తీసుకుని విప్పుదాం. పేరు తెలియని మేనేజర్‌కి ‘డియర్ సర్ ఆర్ మేడమ్’ చాలు. ప్రశ్నలోనే అలా మొదలుపెట్టమని ఇస్తారు కూడా. అడ్రసు రాయనక్కర్లేదనీ అక్కడే ఉంటుంది, అయినా నువ్వు మూడు లైన్లు అడ్రసు రాసి టైము పాడుచేశావు. అలా మొదలుపెట్టిన ఉత్తరం ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’తో ముగియాలి. పేరు తెలిసి ‘డియర్ మిస్టర్’ ఫలానా అని రాస్తే ‘యువర్స్ సిన్సియర్లీ’. నువ్వు రాసిన ‘యువర్స్ ఒబీడియంట్లీ’ స్కూల్లో లీవ్ లెటర్‌తోనే పోవాల్సింది.

మొదటి వాక్యం ఇలా ఉండాలి: ‘ఐ యామ్ రైటింగ్ టు కంప్లెయిన్ అబౌట్ ఎ డైనింగ్ టేబుల్ దట్ అరైవ్డ్ డ్యామేజ్డ్ ఆన్ 3 అక్టోబర్.’ అంతే. వస్తువు, లోపం, తేదీ, ఉత్తరం ఎందుకు రాశావో అన్నీ అందులోనే వచ్చేశాయి. రెండో వాక్యంలో ఎప్పుడు ఆర్డర్ పెట్టావో, ఎంతకి కొన్నావో చెప్పు. ఆర్డర్ నంబరు ఒకటి కల్పించి రాయి. కల్పించొచ్చా అని అడిగావు. పరీక్షలో నీ టేబుల్‌ని ఎవరూ వచ్చి చూడరు, నిరభ్యంతరంగా కల్పించు. కానీ పొదుపుగా.

రెండో పేరాలో నువ్వు ‘ది టేబుల్ ఈజ్ వెరీ బ్యాడ్ కండిషన్’ అని వదిలేశావు. గ్రామర్ తప్పు సరే, అంతకంటే పెద్ద తప్పు, అది చదివితే ఏం విరిగిందో తెలియదు. ఒక కాలు పై భాగంలో చీలింది, అందుకని టేబుల్ ఒరుగుతోంది అను. రెండు ముక్కలే, కానీ చదివినవాడికి బల్ల కనిపిస్తుంది. ఫోన్ సంగతి కూడా అంతే. ‘ఐ కాల్డ్ మెనీ టైమ్స్ బట్ నో రెస్పాన్స్’ అన్నావు. 5వ తేదీన ఫోన్ చేశాను, రెండు రోజుల్లో మనిషి వచ్చి చూస్తాడన్నారు, ఈ రోజుకీ ఎవరూ రాలేదు అని రాస్తే, ‘చీటర్స్’ అని తిట్టనక్కర్లేకుండానే తప్పు వాళ్ల మీద కూర్చుంటుంది. ‘యూ’తో మొదలయ్యే నిందల్ని వీలైనంత తగ్గించు. ‘యు సెంట్ మి ఎ బ్రోకెన్ టేబుల్’ కన్నా ‘ది టేబుల్ వాజ్ డెలివర్డ్ విత్ ఎ క్రాక్డ్ లెగ్’ అన్నది చల్లగా ఉంటుంది, గట్టిగానూ ఉంటుంది. కుదింపు మాటలు, అంటే ‘ఐమ్’, ‘డోంట్’ లాంటివి, స్నేహితులకి రాసే ఉత్తరానికి దాచుకో.

ఇప్పుడు ఆ వాక్యం దగ్గరికి వద్దాం. సిరిమాను పండక్కి వచ్చిన చుట్టాలకి కనపడకుండా మీ అమ్మ ఆ విరిగిన కాలికి పాత చీర ముక్క చుట్టిందని రాశావు. ఆ చీర ముక్క కోసమే నీకు జవాబు రాయాలనిపించింది. మీ నాన్నగారి జీతం గురించి రాసిన నాలుగు వాక్యాలూ కొట్టెయ్యి, దీన్ని మాత్రం కొట్టెయ్యకు. కాకపోతే ఉత్తరంలో దీని పని వేరు. ఆ వారం ఇంటికి చుట్టాలు వచ్చారు, టేబుల్ మీద భోజనం పెట్టలేకపోయాం అను. అంటే లోపం వల్ల నీకేం ఇబ్బంది కలిగిందో చెప్పినట్టు. జాలి పుట్టించడానికి కాదు. చీర ముక్కని వేరే చోట వాడుకో. కథ రాస్తే నాకు పంపు.

మూడో పేరాలో నీ తిట్లూ బెదిరింపులూ తీసేస్తే మిగిలేది ఒక్కటే వాక్యం: ‘కైండ్లీ డు ది నీడ్‌ఫుల్.’ ఆ ‘నీడ్‌ఫుల్’ ఏమిటో ఎవరికి తెలుసు? అడిగిన మూడు అంశాల్లో ఒకటి దాదాపు ఖాళీగా పోయింది. విరిగినది వాళ్ల ఖర్చుతోనే పట్టుకుపోయి కొత్తది పంపాలి, అది కుదరకపోతే పూర్తి డబ్బు వాపసు ఇవ్వాలి అని అడుగు. గడువు కూడా పెట్టు, 14 రోజులు అను. కన్స్యూమర్ కోర్టు మాట పూర్తిగా మానెయ్యమనను. ఆ గడువులోగా జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌ని ఆశ్రయించాల్సి వస్తుందని ఒక్క వాక్యం, గొంతు మారకుండా రాయొచ్చు. పరువు తీస్తాననడం మాత్రం వద్దు.

ఈ మూడో పేరా అంటే నాకు పట్టుదల ఎందుకో చెప్పాలి. ఒకప్పుడు పేపర్లకి తెగ ఉత్తరాలు రాసేవాణ్ని. మా వీధి కాలువ గురించో, బస్సు గురించో. ఒక పత్రికలో ఎడిటరు ప్రతిసారీ నా ఆఖరి పేరా కోసేసేవాడు. కాలువ పొంగుతోందని ఉండేది, ఎవరు ఏం చెయ్యాలో ఉండేది కాదు. అచ్చులో చూసుకుంటే ఏడుపు ఉత్తరంలా కనిపించేది. జాగా చాలదనేవాడు. అదే పేజీలో వాళ్ల అల్లుడి కవితకి మాత్రం ఎప్పుడూ జాగా చాలేది. ఇంకా కోపం పోలేదు.

ఇప్పుడు విశాఖలో కోచింగ్ వాళ్లు అమ్మే టెంప్లేట్ పీడీఎఫ్‌లు ఇంకో రకం. అందులో ‘ఐ యామ్ రైటింగ్ టు ఎక్స్‌ప్రెస్ మై ఎక్స్‌ట్రీమ్ డిస్‌శాటిస్ఫాక్షన్’ అని ఉంటుంది. టేబుల్‌కీ అదే, హోటల్ గదికీ అదే, పక్కింటి కుక్కకీ అదే. కంఠస్థం చేసిన వాక్యం దిద్దేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది, దాని పక్కనున్న నీ సొంత వాక్యం మరీ పీలగా కనిపిస్తుంది. నీ స్నేహితురాలు డబ్బు పెట్టి కొన్నదంటున్నావు. చదువు, కానీ నోటికి పట్టకు.

కంప్యూటర్ మీద రాయాలా పెన్నుతో రాయాలా అన్నది నన్ను అడక్కు. కనీసం 150 పదాలు ఉండాలి, 170, 180 దగ్గర ఆపు. ఈ ఉత్తరానికి 20 నిమిషాలు, వ్యాసానికి 40. వ్యాసం విలువ దీనికి రెట్టింపు కాబట్టి ఇక్కడ 20 దాటనివ్వకు. అందులో ఆఖరి రెండు నిమిషాలు దిద్దుకోవడానికే. అప్పుడు కూడా ఒక్కటే చూసుకో. మొదటి వాక్యాన్నీ ఆఖరి వాక్యాన్నీ పక్కపక్కన పెట్టుకుని, రెండూ ఒకే మనిషి అన్నట్టున్నాయా అని.

ఈసారి వాషింగ్ మెషీన్ మీద రాసి పంపు. మీ ఇంట్లో లేకపోయినా ఉన్నట్టు రాయి. ముందుగా మూడో పేరా రాసుకుని, ఏం అడుగుతున్నావో తేలాకే పైకి వెళ్లు. ఫోటో తీసేటప్పుడు కాగితం మీద నీడ పడకుండా చూడు, నా కళ్లు అంతంత మాత్రం.

ఆశీస్సులతో,
మాస్టారు