బామర్ శ్రేణి మొదటి గీత: 656.1, 656.5, 656.3లలో ఏది సరైనది?

"అన్నా, నేను కల్వకుర్తిలో ఇంటర్ చదువుతున్నా. హైడ్రోజన్‌లో మూడో కక్ష్య నుంచి రెండో కక్ష్యకు దూకితే వచ్చే ఎర్ర గీత తరంగదైర్ఘ్యం ఎట్ల కట్టినా ఒక్కోసారి ఒక్కోటి వస్తుంది. రిడ్‌బర్గ్ స్థిరాంకంతో 656.1, శక్తులు తీసేసి కడితే ఇంకోటి, నెట్‌లో 656.3 అని ఉంది. బోర్ సూత్రమే తప్పా, నా లెక్క తప్పా? టెన్షన్‌గా ఉంది."

తమ్ముడూ, నీ లెక్క తప్పు కాదు. ఆ మూడు అంకెలూ మూడు వేరు వేరు విషయాలు చెప్తున్నాయి. నల్గొండలో డిగ్రీ చదివేటప్పుడు నేను కూడా ఇదే గీత దగ్గర వారం రోజులు ఆగిపోయాను. అందుకే ఈ ఒక్క గీతనే పట్టుకుని వివరంగా రాస్తున్నా.

ముందు లెక్క. బోర్ 1913లో చెప్పినదాని ప్రకారం n వ కక్ష్యలో ఎలక్ట్రాన్ శక్తి `-13.6/n²` ఎలక్ట్రాన్ వోల్టులు. రెండో స్థాయికి -3.4, మూడో స్థాయికి -1.51. తేడా 1.89. ఈ తేడానే కాంతిగా బయటికొస్తుంది కాబట్టి 1240ని ఆ తేడాతో భాగిస్తే తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో దొరుకుతుంది. 1240/1.89 చేస్తే 656.1. అదే నువ్వు -1.51కి బదులు 13.6/9ని భిన్నంగానే ఉంచి చేస్తే తేడా 1.8889 అవుతుంది, జవాబు 656.5. అంటే మూడో అంకె దగ్గర ముందుగానే గుండ్రం చేయడం వల్ల 0.4 నానోమీటర్ తేడా వచ్చింది. 1.9 అని రాసేస్తే ఏకంగా 652.6కి పడిపోతుంది. పై స్థాయిలకు పోయేకొద్దీ ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే దగ్గర దగ్గర ఉన్న రెండు అంకెలను తీసేస్తే మిగిలేది చిన్నది, గుండ్రం చేసిన తప్పు మాత్రం అంతే ఉంటుంది. ఐదు నుంచి నాలుగుకు దూకే గీతకు 0.85 నుంచి 0.54 తీసేస్తే 0.31, జవాబు 4000 నానోమీటర్లు. సరిగ్గా కడితే 0.306, జవాబు 4052.

అందుకే నేను శక్తులను విడివిడిగా తీసేయను. భిన్నం ముందు కట్టేసి చివర్లో ఒక్కసారే అంకెలు వేస్తాను. మన గీతకు `1/λ = R(1/4 - 1/9) = 5R/36`. కాబట్టి `λ = 36/(5R)`, అంటే 1/R కి 7.2 రెట్లు. నాలుగు నుంచి రెండుకు వచ్చే గీతకు 16/3 రెట్లు, ఐదు నుంచి రెండుకు 100/21 రెట్లు. 1/R విలువ ఒక్కటి గుర్తుంటే చాలు, బామర్ శ్రేణి అంతా నోటితోనే వస్తుంది.

ఇప్పుడు ఏ R వేయాలి అనేది అసలు ప్రశ్న. పుస్తకాల్లో ఉండే విలువ మీటరుకు 1.09737×10⁷. దాని విలోమం 91.127 నానోమీటర్లు. 7.2తో గుణిస్తే 656.1. నీకు వచ్చింది ఇదే. నేను కూడా ఇదే వేశాను.

మా కాలేజీ ల్యాబ్‌లో హైడ్రోజన్ డిశ్చార్జ్ ట్యూబ్ ఒకటి, స్పెక్ట్రోమీటర్ ఒకటి ఉండేవి. కిటికీలకు నల్లబట్ట కట్టి చీకటి చేసేవాళ్లం. ట్యూబ్ వెలిగితే ఊదా కలిసిన గులాబీ రంగు. అందులో ఏ గీతా కనబడదు. మధ్యలో గ్రేటింగ్ పెట్టి టెలిస్కోపును పక్కకు తిప్పుకుంటూ పోతే ముందు ఊదా గీత, తరువాత నీలం పచ్చ కలిసిన గీత, బాగా దూరంగా ఎర్ర గీత కనిపిస్తాయి. ఆ ఎర్ర గీతను మొదటిసారి అడ్డతీగ మీదికి తెచ్చుకున్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

గ్రేటింగ్ మీద అంగుళానికి 15,000 గీతలు. అంటే రెండు గీతల మధ్య దూరం 1693.3 నానోమీటర్లు, దాన్ని d అందాం. మొదటి క్రమంలో `λ = d sinθ`. తొలిరోజు నేను ఎడమవైపు రీడింగ్ మాత్రమే తీసుకుని కట్టాను. 661 వచ్చింది. కుడివైపు చూస్తే 652. రెండు వైపులా కోణం సమానంగా లేదంటే గ్రేటింగ్ కాంతికి నిలువుగా లేదని అర్థం. నాది సుమారు రెండు డిగ్రీలు వంగి ఉంది. అంత చిన్న వంపు ఒక వైపు అయిదు నానోమీటర్ల దాకా ఎక్కువ చూపిస్తుంది, మరో వైపు దాదాపు అంతే తక్కువ చూపిస్తుంది. అందుకే రెండు వైపులా చూసి, మధ్య కోణాన్ని 2θ గా తీసుకుని సగం చేస్తారు. ఎందుకు చేస్తారో చెప్పకుండా రికార్డులో రాయించేస్తే పిల్లలు అది ఏదో తంతు అనుకుంటారు. నాకు అది అక్కడే అర్థమైంది.

మరునాడు గ్రేటింగ్ సరిచేసి చూస్తే 2θ 45 డిగ్రీల 36 నిమిషాలు వచ్చింది. θ 22 డిగ్రీల 48 నిమిషాలు. sinθ 0.3875. గుణిస్తే 656.2. పుస్తకంలోని R తో నా జవాబు 656.1 కదా, దాదాపు కలిసింది. నేను పరుగున పోయి మా సార్‌కు చూపించాను.

ఆయన నోట్‌బుక్ చూసి, "ఒక్క నిమిషం తేడా పోతే ఎంత మారుతది? కట్టినవా?" అన్నారు. కట్టలేదు. అక్కడే కట్టించారు. 45 డిగ్రీల 37 నిమిషాలు అని చదివి ఉంటే జవాబు 656.4. మా స్పెక్ట్రోమీటర్ చదవగలిగేది నిమిషం దాకానే. అంటే ఆ పరికరం 656.1కీ 656.5కీ మధ్య ఏది నిజమో నికరంగా చెప్పలేదు. నాకు కలిసిందని సంతోషపడ్డది ఒక నిమిషం తేడాలో వచ్చిన కలయిక. తరువాత ఆయన అడిగిన ప్రశ్న ఇంకా ముఖ్యమైనది: "ఏ R పెట్టినవ్? ప్రోటాన్ కదలకుండ కూసుంటదా?"

విషయం అక్కడుంది. 1.09737×10⁷ అనే విలువ కేంద్రకం కదలకుండా ఒకచోట పాతిపెట్టినట్టు ఉంటుందని, అంటే దాని ద్రవ్యరాశి అనంతమని అనుకుని కట్టినది. నిజంగా ప్రోటాన్ ద్రవ్యరాశి ఎలక్ట్రాన్‌కు 1836 రెట్లే. ఎలక్ట్రాన్ తిరుగుతుంటే ప్రోటాన్ కూడా ఇద్దరి ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ కొంచెం తిరుగుతుంది. బరువైన మనిషి చిన్నపిల్లవాడి చేతులు పట్టుకుని గిరగిర తిప్పితే ఆ మనిషి కాళ్లు కూడా చిన్న వలయంలో కదులుతాయి కదా, అట్లా. దీన్ని లెక్కలోకి తీసుకుంటే R విలువ 1 + 1/1836 తో భాగించబడుతుంది. హైడ్రోజన్‌కు అది 1.09678×10⁷, విలోమం 91.176. ఇప్పుడు 7.2తో గుణించు: 656.47. తేడా 0.36 నానోమీటర్.

మరి నెట్‌లో 656.3 ఎందుకు? ఎందుకంటే అది గాలిలో కొలిచినది. సూత్రం ఇచ్చేది శూన్యంలో తరంగదైర్ఘ్యం. గాలిలో కాంతి వేగం కొంచెం తగ్గుతుంది, పౌనఃపున్యం మారదు, కాబట్టి తరంగదైర్ఘ్యం చిన్నదవుతుంది. గాలి వక్రీభవన గుణకం సుమారు 1.00028. 656.47ని దానితో భాగిస్తే 656.29. కొలత 656.28. మిగిలిన ఆ వందో వంతు బోర్ నమూనా పరిధి దాటిన విషయం. ఆ ఎర్ర గీత నిజానికి చాలా దగ్గరగా ఉన్న కొన్ని గీతల గుంపు, దాన్ని వివరించడానికి సాపేక్షత, ఎలక్ట్రాన్ స్పిన్ కావాలి.

పట్టికల్లో ఇచ్చే గాలి విలువలు 15 డిగ్రీల పొడిగాలికి ఇచ్చినవి. మే నెలలో మన నల్గొండలో 42 డిగ్రీలు, పైగా ఊరు సముద్రమట్టానికి నాలుగు వందల మీటర్ల పైన ఉంటుంది. గాలి పలుచన. కట్టి చూస్తే ఇక్కడ ఆ గీత 0.02 నానోమీటర్ పెద్దగా, 656.30 దగ్గర ఉండాలి. మా స్పెక్ట్రోమీటర్‌కు అది కనబడేది కాదు, కానీ ఎండకు కూడా ఆ అంకెలో చోటుందని తెలిసినప్పుడు నాకు చాలా ఇష్టంగా అనిపించింది.

పరీక్ష గురించి రెండు మాటలు. ఎంసెట్‌లో, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, ఇచ్చే ఆప్షన్లు సాధారణంగా 656, 486, 434 లాగా బాగా దూరంగా ఉంటాయి. ఈ చిన్న తేడాలు అక్కడ అడ్డం రావు. ప్రశ్నలో R ఇస్తే అదే వేయి, ఇవ్వకపోతే భిన్నంలోనే జవాబు అడుగుతారు, `36/5R` లాగా. జాగ్రత్త పడాల్సింది 1.9 లాంటి గుండ్రం దగ్గర.

చివరగా నీ 656.1 గురించి. కేంద్రకం బరువు పెరిగితే గీత ఎడమకు, అంటే చిన్న తరంగదైర్ఘ్యం వైపు జరగాలి కదా. హైడ్రోజన్‌లో ప్రోటాన్‌తో పాటు ఒక న్యూట్రాన్ కూడా ఉండే రకం ఉంటే, దాని R కొంచెం పెద్దది, ఎర్ర గీత 0.18 నానోమీటర్ పక్కకు రావాలి. 1931లో హెరాల్డ్ యూరీ, తన సహచరులతో కలిసి, ద్రవ హైడ్రోజన్‌ను మెల్లగా ఆవిరి కానిచ్చి మిగిలిన దాన్ని డిశ్చార్జ్ ట్యూబ్‌లో వెలిగించి బామర్ గీతలను ఫొటో తీశాడు. మామూలు గీత పక్కన, లెక్క చెప్పిన దూరంలోనే, సన్నని జంట గీత కనబడింది. డ్యుటీరియం అట్లా దొరికింది, 1934లో ఆయనకు నోబెల్ వచ్చింది. గాలిలో దాని ఎర్ర గీత 656.10 దగ్గర ఉంటుంది. నీ జవాబుతో అది కలవడం యాదృచ్ఛికమే. నువ్వు కట్టింది కేంద్రకం కదలని పరమాణువుకు, శూన్యంలో. ఇది డ్యుటీరియం, గాలిలో.