సూది పరీక్ష అయ్యాక మళ్లీ ముక్క పరీక్ష ఎందుకు?

"మా అమ్మకి 54 ఏళ్లు. రొమ్ములో గడ్డ తగిలితే మా ఊళ్లో ఎఫ్‌ఎన్‌ఏసీ చేశారు. క్యాన్సర్ అనుమానం ఉందని రిపోర్టు వచ్చింది. ఇప్పుడు పెద్దాసుపత్రిలో నీడిల్ బయాప్సీ చేయాలంటున్నారు. రెండూ సూదితోనే కదా? మొదటిది తప్పుగా చేశారా, లేక డబ్బుల కోసం రెండోసారి గుచ్చుతున్నారా?"

మొదటిది తప్పు కాదండీ, రెండోది డబ్బుల కోసమూ కాదు. నేను పదకొండేళ్లుగా పాథాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. ఈ రెండు పరీక్షల శాంపిళ్లూ రోజూ నా చేతుల మీదుగానే వెళ్తాయి. అయినా మూడేళ్ల కిందట మా అక్కకి రొమ్ములో గడ్డ వచ్చినప్పుడు, మీరు అడిగిన ప్రశ్నే మా బావగారు నన్ను అడిగారు. ఆవిడ విషయంలో జరిగింది చెబితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది.

అక్కకి అప్పుడు 52. ఎడమ రొమ్ములో, చంక వైపు, రెండున్నర సెంటీమీటర్ల గడ్డ. నొప్పి లేదు. వాళ్ల ఊళ్లో సర్జన్ గారు ముందు ఎఫ్‌ఎన్‌ఏసీ చేయించారు. మనవాళ్లు సూది పరీక్ష అనేది దీన్నే. మామూలు ఇంజెక్షన్‌కి వాడేలాంటి సన్న సూది, 22 లేదా 23 గేజ్ ఉంటుంది. గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. చాలాసార్లు మత్తు కూడా ఇవ్వరు. గడ్డని వేళ్ల మధ్య బిగించి పట్టుకుని, సూది గుచ్చి, సిరంజి వెనక్కి లాగి పట్టుకుని లోపలే నాలుగైదు సార్లు ముందుకీ వెనక్కీ ఆడిస్తారు. సూది మొన గీరిన కణాలు, కాస్త ద్రవం, ఒక్కోసారి రక్తం సూదిలోకి వస్తాయి. ఆ చుక్కని గాజు పలక మీద వేసి ఇంకో పలకతో పల్చగా పులుముతాం. కొన్ని పలకల్ని గాలికి ఆరనిస్తాం, కొన్నింటిని వెంటనే ఆల్కహాల్‌లో ముంచుతాం. ముంచాల్సినవి కొన్ని క్షణాలు ఆలస్యమైనా ఆరిపోయి, కణంలోని కేంద్రకం మసకబారుతుంది. రంగు వేసి చూడటానికి గంట కూడా పట్టదు. రిపోర్టు అదే రోజో మర్నాడో వచ్చేస్తుంది.

అక్క రిపోర్టులో "కణాలు అసహజంగా ఉన్నాయి, క్యాన్సర్ అనుమానం, ముక్క పరీక్ష చేయించగలరు" అని వచ్చింది. ఇంచుమించు మీ అమ్మగారికి వచ్చినట్టే.

తర్వాత వెళ్లిన చోట ట్రూకట్ బయాప్సీ అన్నారు. నీడిల్ బయాప్సీ, కోర్ బయాప్సీ అన్నా అదే. ఇక్కడి సూది 14 గేజ్, బయటి మందం దాదాపు 2 మిల్లీమీటర్లు. ముందు లిగ్నోకైన్‌తో ఆ చోటు మొద్దుబార్చి, చర్మం మీద రెండు మూడు మిల్లీమీటర్ల గాటు పెట్టి, స్కాన్ తెర మీద గడ్డని చూస్తూ సూదిని దాని అంచు దాకా తీసుకెళ్తారు. అది స్ప్రింగు తుపాకీకి బిగించి ఉంటుంది. మీట నొక్కితే "టప్" మని పెద్ద చప్పుడొస్తుంది. ఆ చప్పుడుకి అక్క ఉలిక్కిపడింది, నొప్పికి కాదు. మీ అమ్మగారికి ఆ చప్పుడు సంగతి ముందే చెప్పి ఉంచండి. సూది పక్కన ఉన్న గాడిలోకి గడ్డ ముక్క చేరుతుంది, పైతొడుగు దాన్ని కోసి మూసేస్తుంది. బయటికి వచ్చేది సేమ్యా పుల్లంత సన్నగా, ఒకటిన్నర రెండు సెంటీమీటర్ల పొడవున్న ముక్క. అక్కకి అలాంటివి ఐదు తీశారు. ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ అనే ద్రవం ఉన్న సీసాలో వేస్తే నాలుగు మునిగాయి, ఒకటి తేలింది. ఒట్టి కొవ్వు అయితే తేలుతుంది, గట్టి గడ్డ ముక్క మునుగుతుంది. అందుకే తీసేవాళ్లు సీసా వైపు ఓ కన్నేసి ఉంచుతారు. తర్వాత పది నిమిషాలు గట్టిగా అదిమిపట్టి కట్టు కట్టారు. వారం పాటు అక్కడ కమిలిన మచ్చ ఉంది, అంతే. అమ్మగారు ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడుతుంటే మాత్రం ముందే డాక్టరుకి చెప్పండి. ఆపాలో వద్దో వాళ్లే చెబుతారు, మీ అంతట మీరు ఆపకండి.

ఇప్పుడు అసలు తేడా. మన భాషలో కణజాలం అనే మాట ఉంది. సన్న సూదితో వచ్చేది కణం. లావు సూదితో వచ్చేది జాలంతో సహా, అంటే కణాలు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉన్నాయో ఆ అల్లిక చెదరకుండా వస్తుంది. రొమ్ములో పాలనాళాలుంటాయి. చాలా క్యాన్సర్లు వాటి లోపలి పొర కణాల్లోనే పుడతాయి. అవి నాళం గోడ లోపలే ఉంటే ఒక దశ, గోడ దాటి చుట్టూ ఉన్న కొవ్వులోకీ పీచులోకీ చొచ్చుకుపోతే ఇంకో దశ. రెండిట్లోనూ కణాలు చూడ్డానికి ఒకేలా ఉండొచ్చు. పలక మీద పులిమిన కణాల్లో గోడ అంటూ ఏదీ మిగలదు. అందుకే ఎఫ్‌ఎన్‌ఏసీ రిపోర్టు ఎంత స్పష్టంగా "క్యాన్సర్ కణాలు" అని చెప్పినా, అవి గోడ దాటాయో లేదో చెప్పడం దానివల్ల కాదు. ఆపరేషన్ ఎంత మేరకు చేయాలో ఆ ఒక్క సంగతి మీదే చాలా ఆధారపడి ఉంటుంది.

రెండో కారణం, మందులు. ముక్క ఫార్మలిన్‌లో నానాక మేం దాన్ని మైనంలో పోసి చిన్న దిమ్మ చేస్తాం. బ్లాక్ అంటాం. దాన్నుంచి మూడు నాలుగు మైక్రాన్ల మందంతో పొరలు కోస్తూ ఒక్కో పొర మీద ఒక్కో పరీక్ష చేయొచ్చు. ఈఆర్, పీఆర్ అంటే హార్మోన్లకి స్పందించే గడ్డా కాదా అని. హెర్2 అంటే ఆ ప్రోటీన్ ఎక్కువగా ఉందా అని. ఏ మందు పని చేస్తుందో వీటి మీదే తేలుతుంది. పులిమిన కణాల మీద ఈ పరీక్షలు బొత్తిగా చేయలేమని కాదు గానీ, నమ్మకంగా లెక్క కట్టడానికి ముక్కే కావాలి. ముక్క కూడా ఫార్మలిన్‌లో కనీసం 6 గంటలు, మించితే 72 గంటలు ఉండాలి. తక్కువైనా ఎక్కువైనా ఈ ఫలితాలు తారుమారయ్యే ప్రమాదం ఉంది. శనివారం సాయంత్రం తీసిన ముక్క మంగళవారం రాత్రి దాకా సీసాలోనే ఉండిపోతే మా ల్యాబులో అందరికీ కంగారే. సీసా మీద తీసిన టైము రాశారో లేదో మీరు ఒకసారి చూసుకోండి.

అక్క రిపోర్టు రావడానికి ఆరు రోజులు పట్టింది. గోడ దాటిన క్యాన్సర్, రెండో గ్రేడు. ఈఆర్, పీఆర్ పాజిటివ్. హెర్2 మాత్రం 2+. ఇది అటూ ఇటూ కాని అంకె. 0, 1+ అయితే నెగటివ్‌గా లెక్కిస్తారు, 3+ అయితే పాజిటివ్. 2+ వస్తే జన్యువుని నేరుగా లెక్కపెట్టే ఫిష్ అనే పరీక్ష చేయాలి. "మళ్లీ గుచ్చుతారా?" అని బావగారి మొహం వాడిపోయింది. గుచ్చలేదు. అదే బ్లాకు నుంచి ఇంకో నాలుగు పొరలు కోసి పంపారు, నెగటివ్ వచ్చింది. దాంతో ముందు ఆపరేషన్ చేశారు. ఆ సైజు గడ్డకి హెర్2 పాజిటివ్ అయ్యుంటే చాలామంది డాక్టర్లు ముందు కీమో ఇచ్చి, తర్వాత ఆపరేషన్ చేసేవారు. అంటే కత్తి ముందా, మందు ముందా అన్నది ఆ ఐదు సేమ్యా పుల్లలే తేల్చాయి.

ఇక్కడో విషయం చెప్పాలి. ఆ రోజే అక్క చంకలో ఒక గ్రంథి కాస్త లావుగా కనబడితే, దానికి మాత్రం సన్న సూదితోనే చేశారు. అదే మనిషికి, అదే గంటలో రెండు రకాల సూదులు! కారణం, అడిగిన ప్రశ్న వేరు. గ్రంథి దగ్గర తెలియాల్సింది ఒక్కటే: రొమ్ము కణాలు ఇక్కడి దాకా వచ్చాయా లేదా? గ్రంథిలో ఉండకూడని కణాలు నాలుగు కనబడితే జవాబు వచ్చేసినట్టే, అల్లికతో పని లేదు. పక్కనే పెద్ద రక్తనాళాలు కూడా ఉంటాయి కాబట్టి సన్న సూదికి భయం తక్కువ. అక్కకి ఏమీ కనబడలేదు. కానీ సన్న సూది "లేదు" అంటే పూర్తిగా లేదని కాదు, ఆ గుచ్చిన చోట దొరకలేదని. అందుకే ఆపరేషన్‌లో కాపలా గ్రంథిని, అంటే రొమ్ము నుంచి కణాలు పాకితే ముందుగా చేరే చంక గ్రంథిని, తీసి మళ్లీ చూశారు.

థైరాయిడ్ గడ్డకి ముందు ఎఫ్‌ఎన్‌ఏసీ చేసేదీ ఇందుకే. అక్కడ ఎక్కువగా వచ్చే పాపిల్లరీ రకం క్యాన్సర్‌ని కేంద్రకాల తీరు చూసి పోల్చుకోవచ్చు, కణాలు చాలు. పైగా ఆ గ్రంథి నిండా రక్తమే, లావు సూదికి అంత అనువు కాదు. ఫాలిక్యులర్ రకం అనుమానం వస్తే మాత్రం సన్న సూదీ, లావు సూదీ రెండూ చాలవు. గడ్డ చుట్టూ ఉన్న తొడుగుని కణాలు దాటాయో లేదో అంతా చుట్టి చూడాలి, అంటే ఆపరేషన్ చేసి ఆ వైపు గ్రంథి తీయాల్సిందే.

సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందనే భయం మా ఇంట్లో కూడా వచ్చింది. రొమ్ము విషయంలో ఆ భయంతో పరీక్ష మానుకోవడానికి కారణం లేదు. సూది దారిలో కణాలు మిగిలి పెరగడం చాలా అరుదు. వృషణాల గడ్డలాంటి కొన్నింటికి మాత్రం డాక్టర్లే సూది పెట్టరు. ఆ తేడా వాళ్లకి తెలుసు.

ముక్క పరీక్షా తప్పిపోవచ్చు, అది కూడా తెలుసుకోండి. స్కాన్‌లో గడ్డ అనుమానంగా ఉండి, రిపోర్టులో మామూలు రొమ్ము కణజాలమే అని వస్తే సంబరపడి ఇంటికి వెళ్లిపోకండి. సూది గడ్డ పక్కన పడిందేమో! చేత్తో తడిమితే తెలిసింది, స్కాన్‌లో కనబడింది, ముక్కలో వచ్చింది, మూడూ ఒకే మాట చెబుతున్నాయా అని డాక్టరుని అడగండి. మూడూ కలవకపోతే ముక్క మళ్లీ తీయాలి.

వెళ్లేటప్పుడు మీ ఊళ్లో చేసిన ఎఫ్‌ఎన్‌ఏసీ రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, ఆ గాజు పలకలు కూడా ల్యాబులో అడిగి తీసుకెళ్లండి, పగలకుండా పెట్టెలో పెట్టి ఇస్తారు. పెద్దాసుపత్రిలో ముక్క పరీక్ష అయ్యాక వైద్యానికి ఇంకో చోటుకి మారాల్సి వస్తే అక్కడి బ్లాకులూ అడగండి. అవి చేతిలో ఉంటే అమ్మగారిని మళ్లీ గుచ్చాల్సిన అవసరం చాలావరకు ఉండదు.