"ఉభాలయ్యేక వస్తాం" అంటే ఏ నెల?

సందేహం: మాది గుణుపురం. మా నాన్నమ్మకి వాళ్ల అక్క రాసిన పాత కార్డు దొరికింది, తేదీ చెరిగిపోయింది. "ఆకు ముదిరిపోతంది, గెడ్డలో నీరు ఇంకా రాలేదు, ఉభాలయ్యేక వస్తాం" అని ఉంది. ఉభాలంటే పండగా? ఎప్పుడు, ఎక్కడినుంచి రాసుంటారండీ?

సమాధానం: పండగ కాదండీ, వరి నాట్లు. గోదావరి వైపు ఊడ్పులంటారు, తెలంగాణలో, అటు సిరోంచ దాకా నాట్లంటారు, శ్రీకాకుళం, విజయనగరం వైపూ మన పర్లాకిమిడి వైపూ ఉభాలంటారు. గెడ్డ అన్నా ఈ ప్రాంతం మాటే, కొండవాగు. కాబట్టి కార్డు రాసినావిడది ఈ చుట్టుపక్కలే. బోర్డరుకి ఇటా అటా అంటే మాత్రం మాటని బట్టి తేలదు, 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు గీత పడింది గానీ పొలంలో మాట రెండు పక్కలా ఒకటే.

ఇక నెల సంగతి. ఇక్కడ ఆకు అంటే వరినారు, అందుకే నారుమడిని ఆకుమడి అంటాం. మృగశిరలోనో ఆరుద్రలోనో, అంటే జూన్ రెండో వారం నుంచి నెలాఖరు లోపు ఆకుమడి పోస్తే 25, 30 రోజులకి ఆకు తీతకొస్తుంది, ఆ లెక్కన జూలైలో ఉభాలు మొదలవ్వాలి. ఆవిడేమో ముదిరిపోతంది అంటున్నారు, అంటే ఆ రోజులు దాటిపోతున్నాయి, దమ్ము పట్టడానికి మడిలో నీళ్లు లేవు. కాబట్టి జూలై ఆఖరు నుంచి ఆగస్టు సగం లోపు రాసుంటారు, పుష్యమి, ఆశ్లేష కార్తెలన్నమాట. ముదిరిన ఆకు పీకి చూస్తే అడుగున కణుపు తేలి కనపడుతుంది, అది నాటితే పిలకలు సరిగ్గా వెయ్యదు, అందుకే కుదురుకి రెండు మూడు మొక్కలు పెట్టేచోట నాలుగైదు పెడతారు, అప్పుడు మడులన్నిటికీ ఆకు చాలదని ఇంకో దిగులు. ఆ చిన్న వాక్యంలో ఆవిడ భయమంతా ఉంది, చదివితే నాకు గుండె పట్టేసింది.

వేసవి పంటకీ నాట్లుంటాయి కదా, జనవరి కావచ్చు కదా అని మీకు అనుమానం రావచ్చు. "ఇంకా రాలేదు" అన్నమాట చూడండి, వాన మీద ఆశపెట్టుకున్నవాళ్లు అనే మాట అది. జనవరిలో అయితే గెడ్డ "ఎండిపోతంది" అంటారు గానీ "ఇంకా రాలేదు" అనరు.

సంవత్సరం మాత్రం ఈ మాటల్లో దొరకదు. మీ ఇంట్లో పెద్దవాళ్లని ఏ యేడు శ్రావణం దాకా వాన పడలేదో అడగండి, "ఫలానావాడు ఉభాల్లో పుట్టాడు" అని లెక్క చెప్పేవాళ్లకి అలాంటివి బాగా గుర్తుంటాయి.