బీకాంతో సొంత పని: ముందు షాపుల నెలవారీ లెక్కలు పట్టుకోండి

ప్రశ్న: బీకాం (కంప్యూటర్స్) అయిపోయింది, సీఏ చదివే పరిస్థితి లేదు. హైదరాబాద్‌లో ట్యాక్స్ ఫైలింగ్, షాపుల అకౌంట్లు, లోన్ పేపర్లు లాంటి పని సొంతంగా చేద్దామనుకుంటున్నా. దేనితో మొదలుపెడితే బాగుంటుంది? నిజంగా పని ఉంటుందా?

జవాబు:

షాపుల నెలవారీ జీఎస్టీ లెక్కలతో మొదలుపెట్టండి. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నుల పని ఏడాదిలో కొన్ని వారాలే ఉంటుంది, ఆ తర్వాత ఆ మనిషి మళ్లీ మీకు కనిపించేది వచ్చే ఏడాదే. షాపు లెక్క అలా కాదు, ప్రతి నెలా ఉంటుంది. ఆ లెక్క మీ చేతిలో ఉంటే ఓనరు ఐటీ రిటర్ను, లోన్ పేపర్లు కూడా మీ దగ్గరికే వస్తాయి. నేను ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర కొంతకాలం పనిచేసి బయటికి వచ్చాను. ఇప్పుడు నా ఆదాయంలో ఎక్కువ భాగం కూకట్‌పల్లి, మూసాపేట వైపు చిన్న షాపులదే.

పని ఉంటుందా అంటే ఉంటుంది. సరుకు అమ్మేవాళ్లకు చాలా రాష్ట్రాల్లో ఏడాదికి 40 లక్షల అమ్మకాలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలే. అంటే కాలనీలో ఓ మోస్తరుగా నడిచే షాపు కూడా రిజిస్ట్రేషన్‌లోకి వచ్చేస్తుంది.

అయితే రిటర్ను అప్‌లోడ్ చేయడం ఎవరైనా చేస్తారు, దానికి పెద్దగా డబ్బులు రావు. షాపు ఓనరు మనల్ని వదలకుండా పట్టుకునేది కొనుగోలు బిల్లులు సరిచూసినందుకు. ప్రతి నెలా 11లోపు అమ్మకాల వివరాలతో GSTR-1 వేస్తాం. 14న పోర్టల్‌లో GSTR-2B వస్తుంది. మనకు సరుకు అమ్మినవాళ్లు వాళ్ల GSTR-1లో చూపించిన మన బిల్లులన్నీ అందులో ఉంటాయి. 20లోపు GSTR-3B వేసి పన్ను కట్టాలి. 2022 జనవరి నుంచి నిబంధన ఏమిటంటే, చేతిలో బిల్లు ఉన్నా సరే, 2Bలో కనిపించని బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం, తీసుకోకూడదు. కాబట్టి అసలు పని 14కీ 20కీ మధ్య ఉంటుంది.

ఒక ఎలక్ట్రికల్ షాపు లెక్క చెప్తాను. అంకెలు సులువుగా ఉండేలా సర్దాను కానీ జరిగింది ఇదే. సరుకంతా ట్రూప్ బజార్ హోల్‌సేల్ షాపుల నుంచి వస్తుంది, పన్ను 18 శాతం. ఆ నెల అమ్మకాలు 5,00,000, వాటి మీద పన్ను 90,000. కొన్న సరుకు 4,20,000, బిల్లుల్లో కట్టిన పన్ను 75,600. ఓనరు లెక్క ప్రకారం కట్టాల్సింది 14,400. కానీ 2Bలో క్రెడిట్ 66,600 మాత్రమే కనిపించింది. 9,000 తేడా. బిల్లులు ఒక్కొక్కటిగా టిక్ పెట్టుకుంటూ పోతే 50,000 విలువైన వైరు బిల్లు ఒకటి 2Bలో లేదు.

ఇలాంటప్పుడు కారణం సాధారణంగా మూడింట్లో ఒకటి. అమ్మినవాడు రిటర్నే వేయలేదు, లేదా మూడు నెలలకోసారి వేసే పద్ధతిలో ఉన్నాడు, లేదా బిల్లు మన నంబరు మీద చూపించలేదు. ఏదో తెలుసుకోవడానికి ఫోన్ చేసి గొడవపడాల్సిన పని లేదు. పోర్టల్‌లో Search Taxpayer దగ్గర ఆయన జీఎస్టీ నంబరు కొడితే, ఏ నెల రిటర్ను ఎప్పుడు వేశాడో కనిపిస్తుంది. ఈయన ఆ నెల GSTR-1 వేసేశాడు. అప్పుడు బిల్లు తీసి మళ్లీ చూశాను. పేరు ఉండాల్సిన చోట "క్యాష్" అని ఉంది, మన నంబరు ఎక్కడా లేదు. సరుకు తేవడానికి షాపు కుర్రాడు వెళ్లాడు, కౌంటర్లో నంబరు చెప్పలేదు. వాళ్లు దాన్ని మామూలు కస్టమర్ల అమ్మకాల్లో కలిపేశారు.

ఆ నెల 66,600 మాత్రమే తీసుకుని 23,400 కట్టించాను. "పన్నుతో సహా వాళ్లకు ఇచ్చేశాను కదండీ, మళ్లీ నేనెందుకు కట్టాలి?" అని ఓనరు బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనదే. కానీ మొత్తం 75,600 తీసుకుని ఉంటే 2Bకీ 3Bకీ తేడా ఎందుకొచ్చిందని నోటీసు రావచ్చు, వాడేసుకున్న క్రెడిట్‌ను ఏడాదికి 18 శాతం వడ్డీతో వెనక్కి కట్టాల్సి వస్తుంది. హోల్‌సేల్ షాపు వాళ్లు నంబరుతో సరైన బిల్లు ఇచ్చి తర్వాతి GSTR-1లో సవరించారు, ఆ 9,000 తర్వాతి నెల క్రెడిట్‌లోకి వచ్చింది. ఇలా వదిలేసిన క్రెడిట్ తీసుకోవడానికి ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 దాకానే గడువు. అందుకే ప్రతి షాపుకీ ఒక "రావాల్సిన బిల్లులు" షీటు పెట్టి, నెలనెలా దాంతో మొదలుపెడతాను.

ఆ తర్వాత ఆ షాపు కుర్రాళ్ల కోసం షాపు పేరు, జీఎస్టీ నంబరు ప్రింట్ చేసిన చిన్న కార్డులు చేయించాను. తెలంగాణ నంబరు 36తో మొదలవుతుంది, మొత్తం 15 అక్షరాలు. బిల్లు చేతికి రాగానే అది ఉందో లేదో చూసుకుని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమన్నాను. థర్మల్ పేపర్ బిల్లు కొన్ని నెలలకే వెలిసిపోతుంది కాబట్టి ఫొటో ఎలాగూ కావాలి.

మొదటి రోజే చూడాల్సిన విషయం ఇంకొకటుంది. రిజిస్ట్రేషన్‌లో ఓనరు సొంత మొబైల్ నంబరు, ఈమెయిల్ ఉన్నాయా? చాలా షాపుల్లో పాత అకౌంటెంటు నంబరే ఉంటుంది. అతను వెళ్లిపోతే ఓటీపీలు ఆగిపోతాయి, నోటీసు వచ్చినా ఎవరూ చూడరు. నంబరు మార్పించండి, మీది మాత్రం పెట్టకండి. పన్ను డబ్బు కూడా మీ చేతికి తీసుకోవద్దు. చలానా చేసి పంపండి, వాళ్లే కడతారు.

నేను ఇలాంటి షాపుకి నెలకు 1,500 తీసుకుంటాను, బిల్లులు ఎక్కువుంటే పెంచుతాను. ఇది తక్కువే, కానీ లోన్ పని వచ్చినప్పుడు లెక్క కుదురుతుంది. ఇదే ఓనరు తర్వాత క్యాష్ క్రెడిట్ కోసం, అంటే ఒక లిమిట్ దాకా అవసరమైనప్పుడల్లా వాడుకునే లోన్ కోసం, బ్యాంకుకు వెళ్లాలన్నారు. చిన్న వ్యాపారాలకు బ్యాంకులు వాడే టర్నోవర్ పద్ధతిలో వచ్చే ఏడాది అంచనా అమ్మకాల్లో 20 శాతం దాకా లిమిట్ లెక్కేస్తారు. ఏడాదికి 60 లక్షల అమ్మకాలున్నాయి, 66 లక్షలు అంచనా వేస్తే 13,20,000 వస్తుంది. ఆయనకు 20 లక్షలు కావాలి, కోటి అని రాయమన్నారు. రాయలేదు. బ్యాంకు వాళ్లు పన్నెండు నెలల 3Bలు, కరెంట్ అకౌంట్ స్టేట్‌మెంటు పక్కపక్కన పెట్టుకుని చూస్తారు, 60 నుంచి కోటికి ఎలా వెళ్తారని అడిగితే చెప్పడానికి మన దగ్గర ఏమీ ఉండదు. 3Bల మొత్తం, పుస్తకాల్లో అమ్మకాలు, ఐటీ రిటర్నులో టర్నోవర్ ఈ మూడూ ఒక్కటే ఉండేలా చేసి ఫైల్ ఇచ్చాను. పేపర్లకు ముందే చెప్పిన ఫీజు తీసుకున్నాను. శాంక్షన్ అయితే ఇంత శాతం అని మాత్రం ఎప్పుడూ మాట్లాడుకోకండి, అంకెలు పెంచాలనే ఒత్తిడి అక్కడే మొదలవుతుంది.

ఆడిట్ రిపోర్టు, బ్యాంకు అడిగే సీఏ సర్టిఫికెట్ మనం సంతకం చేయలేం. దానికి దగ్గర్లో ఒక సీఏతో పరిచయం పెట్టుకోండి. మనకు వీలైనది జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు కావడం. బీకాం డిగ్రీ అందుకు సరిపోతుంది. పోర్టల్‌లో PCT-01 దరఖాస్తు పెట్టాలి, నమోదయ్యాక కేంద్ర పన్నుల శిక్షణ సంస్థ నాసిన్ నిర్వహించే పరీక్ష రెండేళ్లలోపు పాసవ్వాలి. ఈ లోపు తెలిసినవాళ్ల షాపు ఒకటి తీసుకుని, పాత ఆరు నెలల బిల్లులు 2Bలతో సరిచూసి పెట్టండి. రాకుండా పోయిన క్రెడిట్ ఎంతో కాగితం మీద చూపిస్తే, వచ్చే నెల బిల్లులు వాళ్లే తెచ్చిస్తారు.