గొంతు మారడం వేరు, బొంగురుపోవడం వేరు

"మా బాబుకి పద్నాలుగేళ్లు. రెండు నెలలుగా గొంతు బొంగురుగానే ఉంది. జలుబు కూడా లేదు. వయసు మార్పేనని ఊరుకోవచ్చా? మాది రాజాం."

ఊరుకోకండమ్మా. ఈ వయసులో స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవుగా, మందంగా అవుతాయి. వాటిమీద పట్టు దొరికేదాకా గొంతు ఉన్నట్టుండి కీచుమని, మళ్లీ దిగుతుంది. అయితే ఆ చీలిక వచ్చి పోతుంది, మిగతా మాట స్పష్టంగానే ఉంటుంది. బాబుని ఐదారు సెకన్లు "ఆ..." అనమనండి. మధ్యలో ఒకసారి జారితే వయసు మార్పు కావచ్చు. మొదటి నుంచి చివరిదాకా గరగరలాడుతూ, గాలి పోతున్నట్టుంటే మాత్రం తంత్రుల మీద ఏదో ఉందని అనుమానించాలి.

క్రికెట్లోనో కబడ్డీలోనో రోజూ అరిచే పిల్లలకు అక్కడ చిన్న బొడిపెలు కడతాయి. ఆదివారం ఆట అయ్యాక సోమవారం గొంతు మరీ పోతోందా, గమనించండి. అవే అయితే ఆపరేషన్ దాకా వెళ్లడం అరుదు. అరుపులు మానిపించి, స్పీచ్ థెరపీ చేయిస్తే చాలావరకు తగ్గుతాయి. గుసగుసగా మాట్లాడమని మాత్రం చెప్పకండి, అదీ శ్రమే.

నాలుగు వారాలు దాటిన బొంగురుకి ఈఎన్‌టీ డాక్టరు లోపల చూడాల్సిందే. శ్రీకాకుళం రిమ్స్‌లో చూపించండి. సన్నటి కెమెరాతో తంత్రులు చూస్తారు, కొద్ది నిమిషాల పని. ఊపిరి తీస్తే కూతలా శబ్దం, ఉమ్మిలో రక్తం, మింగడం కష్టం, మెడలో గడ్డ, వీటిలో ఏది ఉన్నా ఈరోజే బయల్దేరండి.